ఒకే ఖాతాకు రెండు రాబడులు: డ్యాష్‌బోర్డులో ప్లస్ 2.6 శాతం పక్కనే మైనస్ 12.2 శాతం ఎందుకు కనిపిస్తుంది

సంక్షిప్తంగా: ఏడాది మధ్యలో షేర్లు, ఫండ్ల ఖాతాలోకి పెద్ద మొత్తం వచ్చినా, ఖాతాలోంచి పెద్ద మొత్తం తీసినా డ్యాష్‌బోర్డు చూపే రెండు రాబడి శాతాలు ఒకదానికొకటి దూరమవుతాయి. టైమ్ వెయిటెడ్ రాబడి పెట్టుబడి ఎలా నడిచిందో చెబుతుంది కానీ అందులో ఏ రోజున ఎంత డబ్బు ఉందో పట్టించుకోదు. మనీ వెయిటెడ్ రాబడి, అంటే ఎక్స్‌ఐఆర్‌ఆర్, ఎంత డబ్బు ఎన్ని రోజులు ఉందో లెక్కిస్తుంది కానీ మధ్యలో దాని విలువ ఎంతకు చేరిందో చూడదు. రెండింటి గుర్తులు ఎదురెదురుగా ఉన్నంత మాత్రాన లెక్క తప్పినట్టు కాదు. తప్పు దొర్లే చోట్లు వేరే ఉన్నాయి.

2024 సెప్టెంబరు 27న నిఫ్టీ 26,277 దాకా వెళ్లి, 2025 మార్చి మొదటి వారానికి 22,000 దరిదాపులకు దిగింది. ఆ పెరుగుదల కాలంలో తక్కువ డబ్బుతో ఉండి, శిఖరం దగ్గర పెద్ద మొత్తం జమ చేసిన వారి ఖాతాలు ఈ రెండు కొలతల మధ్య తేడాను బాగా బయటపెడతాయి. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో పనిచేస్తున్న ఒక తెలుగు ఉద్యోగి ఖాతాను ఊహించి, ఆ అంకెలతోనే ఈ వ్యాసం సాగుతుంది. ఖాతా కల్పితం, లెక్క సులువుగా ఉండేందుకు శాతాలను గుండ్రంగా తీసుకున్నాం. ఆ కాలపు మార్కెట్ తీరు మాత్రం ఇంచుమించు ఇలాగే ఉంది.

## ఖాతాలో జరిగింది

2024 ఏప్రిల్ 1న ఆ ఖాతాలో ఉన్న షేర్లు, ఫండ్ల విలువ 5,00,000 రూపాయలు. అక్టోబరు 1 నాటికి అది 20 శాతం పెరిగి 6,00,000 అయింది. అదే రోజు ఉదయం, కంపెనీ ఇచ్చిన బోనస్‌నూ ఊళ్లో స్థలం అమ్మగా వచ్చిన వాటానూ కలిపి 10,00,000 జమ చేయడంతో ఖాతా 16,00,000కు చేరింది. ఆ తర్వాత మూడు నెలల్లో 10 శాతం పడిపోయి, 2025 జనవరి 1న 14,40,000 మిగిలింది. ఆ రోజు సర్జాపూర్ రోడ్డులో ఫ్లాట్ అడ్వాన్సు కోసం 4,40,000 తీసుకున్నారు. మిగిలిన 10,00,000 మరో 5 శాతం తగ్గి, 2025 ఏప్రిల్ 1న 9,50,000 అయింది.

మొత్తం మీద ఆయన పెట్టినది 15,00,000. తిరిగి చేతికి వచ్చినదీ, ఖాతాలో ఉన్నదీ కలిపితే 13,90,000. నష్టం 1,10,000 రూపాయలు. ఇందులో వాదనకు తావు లేదు. అయినా డ్యాష్‌బోర్డులో ఒక గడి ఆకుపచ్చ రంగులో ప్లస్ 2.6 శాతం అంటుంది, దాని పక్క గడి ఎర్ర రంగులో మైనస్ 12.2 శాతం అంటుంది. లక్షకు పైగా పోగొట్టుకున్న మనిషికి ఆకుపచ్చ అంకె వెక్కిరింతలా అనిపించడంలో ఆశ్చర్యం లేదు. అయినా ఆ అంకె అబద్ధం చెప్పడం లేదు.

## ప్లస్ 2.6 ఎక్కడి నుంచి వచ్చింది

టైమ్ వెయిటెడ్ పద్ధతి డబ్బు వచ్చిన ప్రతిచోటా, పోయిన ప్రతిచోటా కాలాన్ని ముక్కలుగా కోస్తుంది. ఒక్కో ముక్కలో పెట్టుబడి ఎంత శాతం పెరిగిందో, ఎంత శాతం తగ్గిందో విడిగా చూసి, చివరకు ఆ ముక్కలను గుణిస్తుంది. మన ఖాతాలో మూడు ముక్కలు ఉన్నాయి. మొదటిది 1.20, రెండవది 0.90, మూడవది 0.95. మూడింటినీ గుణిస్తే 1.026 వస్తుంది, అంటే 2.6 శాతం లాభం.

మ్యూచువల్ ఫండ్ యూనిట్లు కొన్నవారికి ఈ లెక్క కొత్తదేమీ కాదు. ఇది ఎన్‌ఏవీ, అంటే ఒక్కో యూనిట్ విలువ, లెక్కే. ఖాతాను ఒక చిన్న ఫండ్ అనుకుని, మొదటి రోజు యూనిట్ విలువ 100గా పెట్టుకుంటే 5,00,000కు 5,000 యూనిట్లు ఉంటాయి. అక్టోబరు 1న యూనిట్ విలువ 120. కొత్తగా వచ్చిన 10,00,000కు ఆ ధరలో సుమారు 8,333 యూనిట్లు జమ అవుతాయి. యూనిట్ల సంఖ్య పెరుగుతుంది కానీ యూనిట్ విలువ కదలదు. జనవరి 1న యూనిట్ విలువ 108. తీసుకున్న 4,40,000 కోసం సుమారు 4,074 యూనిట్లు రద్దవుతాయి, యూనిట్ విలువ మాత్రం మళ్లీ అక్కడే నిలుస్తుంది. ఏప్రిల్ 1న అది 102.60కి చేరుతుంది. మిగిలిన 9,259 యూనిట్లను ఆ విలువతో గుణిస్తే 9,50,000 సరిగ్గా సరిపోతుంది. 100 నుంచి 102.60కి పెరగడమే డ్యాష్‌బోర్డు చెప్పిన 2.6 శాతం.

జమలు, ఉపసంహరణలు యూనిట్ల సంఖ్యను మారుస్తాయే తప్ప యూనిట్ విలువను ముట్టుకోవు. ఈ పద్ధతి బలమూ పరిమితీ రెండూ ఇందులోనే ఉన్నాయి. 5 లక్షల మీద వచ్చిన 20 శాతం లాభానికీ, 16 లక్షల మీద వచ్చిన 10 శాతం నష్టానికీ ఇది సమానమైన స్థానం ఇస్తుంది. రూపాయల్లో మొదటిది 1,00,000 లాభం, రెండవది 1,60,000 నష్టం అన్న సంగతి దీనికి తెలియదు.

తెలియకపోవడం కొన్నిచోట్ల అవసరం కూడా. అమెరికాలోని బ్యాంక్ అడ్మినిస్ట్రేషన్ ఇన్‌స్టిట్యూట్ 1968లోనే పింఛను నిధుల నిర్వాహకులను ఈ కొలతతో చూడాలని సిఫార్సు చేయడానికి కారణం ఇదే. నిధిలోకి డబ్బు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో నిర్ణయించేది నిర్వాహకుడు కాడు కనుక, ఆ రాకపోకల మంచిచెడ్డలను అతని ఖాతాలో రాయడం న్యాయం కాదు. మన దేశంలో సెబీ 2020లో తెచ్చిన పోర్ట్‌ఫోలియో మేనేజర్ల నిబంధనలు కూడా పనితీరు వెల్లడికి టైమ్ వెయిటెడ్ పద్ధతినే కోరతాయి. దీనికి భిన్నంగా, ప్రైవేటు ఈక్విటీ ఫండ్లలో మదుపరుల నుంచి డబ్బును ఎప్పుడు అడగాలో, ఎప్పుడు తిరిగి ఇవ్వాలో ఫండే నిర్ణయిస్తుంది. అందుకే అక్కడ మనీ వెయిటెడ్ కొలత వాడుక.

## మైనస్ 12.2 ఎక్కడి నుంచి వచ్చింది

ఎక్స్‌ఐఆర్‌ఆర్ వేసే ప్రశ్న వేరు. ఇదే తేదీల్లో ఇవే మొత్తాలను ఒక బ్యాంకు ఖాతాలో వేసి, తీసి ఉంటే, చివరి రోజున సరిగ్గా 9,50,000 మిగలాలంటే ఆ బ్యాంకు ఏడాది పొడవునా ఒకే వడ్డీ రేటు ఎంత ఇవ్వాలి అని అది అడుగుతుంది. మన ఖాతాకు జవాబు మైనస్ 12.21 శాతం. అంటే వడ్డీ ఇవ్వకపోగా అసలును రోజురోజుకూ కొరుక్కుతినే బ్యాంకు అన్నమాట.

ఆ ఊహా బ్యాంకు పాసుపుస్తకాన్ని ఒకసారి చదివితే విషయం తేటపడుతుంది. ఏప్రిల్ 1న వేసిన 5,00,000, 183 రోజుల తర్వాత 4,68,404 అవుతుంది. దానికి 10,00,000 కలిస్తే 14,68,404. మరో 92 రోజులకు అది 14,20,997. అందులోంచి 4,40,000 తీస్తే 9,80,997. ఇంకో 90 రోజులకు 9,50,000. లెక్క ముగిసింది.

ఇందులో గమనించాల్సింది అక్టోబరు 1 నాటి నిల్వ. నిజమైన ఖాతాలో ఆ ఉదయం 6,00,000 ఉంది, పాసుపుస్తకంలో 4,68,404 ఉంది. మొదటి ఆరు నెలల్లో వచ్చిన లాభం ఎక్స్‌ఐఆర్‌ఆర్‌కు కనిపించనే లేదు, కనిపించాల్సిన అవసరమూ దానికి లేదు. ఎందుకంటే దానికి ఇచ్చే సమాచారంలో డబ్బు కదలికలు, తేదీలు, చివరి విలువ మాత్రమే ఉంటాయి. స్ప్రెడ్‌షీట్‌లో వేసేది కూడా ఇంతే:

```
      A             B
1  2024-04-01    -500000
2  2024-10-01   -1000000
3  2025-01-01     440000
4  2025-04-01     950000

=XIRR(B1:B4, A1:A4)
```

జేబులోంచి ఖాతాలోకి వెళ్లినదానికి మైనస్, ఖాతాలోంచి జేబులోకి వచ్చినదానికి ప్లస్. చివరి వరుసలోని 9,50,000ను నిజంగా ఎవరూ తీసుకోలేదు, ఆ రోజు మొత్తం అమ్మేసినట్టు ఊహించడమే. 6,00,000 గానీ 14,40,000 గానీ ఈ పట్టికలో ఎక్కడా లేవు.

మరొక ఖాతాను దీని పక్కన పెడితే తేడా పూర్తిగా బయటపడుతుంది. అదే ఆఫీసులో పనిచేసే సహోద్యోగి అవే షేర్లు, అవే ఫండ్లు అదే నిష్పత్తిలో కొని ఉన్నారని అనుకుందాం. ఆయన ఏప్రిల్‌లో 15,00,000తో మొదలుపెట్టారు. అక్టోబరు 1న అది 18,00,000 అయినప్పుడు, నెల్లూరులో ఇంటి పని కోసం 10,00,000 తీసుకున్నారు. మిగిలిన 8,00,000 రెండు పతనాల తర్వాత 6,84,000 అయింది. ఆయన టైమ్ వెయిటెడ్ రాబడి కూడా అదే 2.6 శాతం. ఎక్స్‌ఐఆర్‌ఆర్ మాత్రం ప్లస్ 18 శాతం. షేర్ల ఎంపికలో ఇద్దరికీ వెంట్రుకవాసి తేడా లేదు. ఒకరు శిఖరం మీద డబ్బు పెట్టారు, మరొకరు శిఖరం మీద డబ్బు తీశారు.

దీన్ని చూసి మొదటి వ్యక్తికి మార్కెట్ సమయం తెలియలేదనీ, రెండవ వ్యక్తి చాకచక్యం చూపారనీ తీర్పు చెప్పే అలవాటు ఒకటి ఉంది. అది తొందరపాటు. బోనస్ ఏ నెలలో పడాలో కంపెనీ నిర్ణయిస్తుంది, స్లాబు ఎప్పుడు వేయాలో మేస్త్రీ నిర్ణయిస్తాడు. రెండు శాతాల మధ్య దూరం డబ్బు రాకపోకల ఫలితాన్ని కొలుస్తుందే తప్ప, ఆ రాకపోకలు ఎవరి నిర్ణయమో చెప్పదు.

## రెండూ కలిసే చోటు

మధ్యలో జమ గానీ ఉపసంహరణ గానీ లేకపోతే రెండు కొలతలూ ఒకటే కావాలి. రాబడి రోజూ ఒకే రేటులో ఉన్నా అంతే. ఫిక్సెడ్ డిపాజిట్ విషయంలో ఎవరికీ ఈ గందరగోళం లేకపోవడానికి కారణం అదే. డ్యాష్‌బోర్డును పరీక్షించడానికి ఈ సూత్రం చక్కగా పనికొస్తుంది. డబ్బు కదలని కాలాన్ని ఎంచుకుని రెండు అంకెలనూ పోల్చి చూడాలి.

మన ఖాతాలో అలాంటి కాలం 2024 ఏప్రిల్ 1 నుంచి జమకు ముందు అక్టోబరు 1 వరకు. ఆ తేదీలను ఎంచుకుంటే చాలా డ్యాష్‌బోర్డులు టైమ్ వెయిటెడ్ గడిలో 20 శాతం, ఎక్స్‌ఐఆర్‌ఆర్ గడిలో 43.9 శాతం చూపిస్తాయి. డబ్బు కదలకపోయినా తేడా ఎందుకు వచ్చింది? ఎక్స్‌ఐఆర్‌ఆర్ తన జవాబును ఎప్పుడూ ఏడాది రేటుగానే ఇస్తుంది. 183 రోజుల్లో వచ్చిన 20 శాతం అదే వేగంతో ఏడాది సాగితే 43.9 అవుతుంది. మొదటి గడిలో ఉన్నది ఆ 183 రోజుల్లో నిజంగా వచ్చిన శాతం. రెండూ సరైనవే, కానీ కొలబద్దలు వేరు. ఏడాది కన్నా తక్కువ కాలానికి ఎక్స్‌ఐఆర్‌ఆర్‌ను ఈ సూత్రంతో ఆ కాలపు శాతంగా మార్చుకోవచ్చు:

```
(1 + XIRR)^(days/365) - 1
```

1.439ను 183/365 ఘాతానికి పెంచి 1 తీసేస్తే తిరిగి 20 శాతం వస్తుంది. ఇలా మార్చిన తర్వాత కూడా రెండు అంకెలు కలవకపోతే, డ్యాష్‌బోర్డు ఏదో ఒక జమను లేదా ఖర్చును దాచిందనో, రెండుసార్లు లెక్కించిందనో అర్థం. ఇక్కడొక మాట చెప్పక తప్పదు. కొన్ని వారాల వయసున్న ఖాతాకు వార్షిక ఎక్స్‌ఐఆర్‌ఆర్ చూపించడం ఎవరికీ మేలు చేయదు. పది రోజుల్లో 3 శాతం పెరిగిన లక్ష రూపాయలకు ఆ గడి 194 శాతం అని రాస్తుంది.

## జమ పడిన రోజు

టైమ్ వెయిటెడ్ లెక్క చెడిపోయేది ఎక్కువగా డబ్బు కదిలిన రోజునే. కాలాన్ని ముక్కలుగా కోయాలంటే కోసిన చోట ఖాతా విలువ ఎంతో కచ్చితంగా తెలియాలి. డ్యాష్‌బోర్డుకు సాధారణంగా తెలిసేది సాయంత్రం ముగింపు ధరల విలువ మాత్రమే. పగటి వేళ వచ్చిన డబ్బును రోజు మొదట్లో వచ్చినట్టు చూడాలా, రోజు చివర్లో వచ్చినట్టు చూడాలా అన్నది తయారీదారు ముందే తీసుకునే నిర్ణయం, దాని గురించి తెర మీద ఒక్క అక్షరం కూడా ఉండదు.

అక్టోబరు 1నే తీసుకుందాం. ఉదయం 6,00,000 ఉంది, 10,00,000 వచ్చిన వెంటనే షేర్లు కొనేశారు, ఆ రోజు షేర్లు 1 శాతం పడ్డాయని అనుకుంటే సాయంత్రానికి విలువ 15,84,000. డబ్బు ఉదయమే వచ్చినట్టు లెక్కిస్తే 15,84,000ను 16,00,000తో భాగించాలి. మైనస్ 1 శాతం వస్తుంది, అది నిజం. సాయంత్రం వచ్చినట్టు లెక్కిస్తే 15,84,000లోంచి 10,00,000 తీసేసి, మిగిలిన 5,84,000ను 6,00,000తో భాగిస్తారు. అప్పుడు మైనస్ 2.67 శాతం వస్తుంది. 10 లక్షల మీద వచ్చిన నష్టాన్ని కూడా 6 లక్షల నెత్తిన రుద్దినట్టయింది. ఆ ఒక్క రోజు తప్పు గుణకాల గొలుసులో ఒక లంకెగా చేరి, ఆ తర్వాత ఏ తేదీ వరకు చూసినా అందులోనే ఉంటుంది. దిద్దితే తప్ప పోదు. డబ్బు ఉదయం వచ్చినా సాయంత్రం దాకా ఖాళీగా ఉండి ఉంటే మాత్రం రెండవ లెక్కే నిజానికి దగ్గరగా ఉండేది. అంటే ఏ ఒక్క పద్ధతీ అన్ని రోజులకూ సరిపోదు. ఉన్న నిల్వతో పోలిస్తే వచ్చిన డబ్బు చిన్నదైతే తేడా కనిపించదు, పెద్దదైతే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రోజువారీ గ్రాఫులో జమ పడిన రోజునే ఒక్కసారిగా గోతిలా పడటమో, మేకులా లేవడమో కనబడితే అనుమానించాల్సింది ఇదే.

బ్యాంకు ఖాతాలోంచి డబ్బు సోమవారం పోయి, షేర్ల బ్రోకరు ఉంచే ఖాతాపుస్తకమైన లెడ్జర్‌లో బుధవారం కనిపిస్తే మరింత వింత జరుగుతుంది. జమ నమోదైన రోజున విలువ పెరగదు కనుక డ్యాష్‌బోర్డు భారీ నష్టం రాస్తుంది, విలువ పెరిగిన రోజున జమ లేదు కనుక భారీ లాభం రాస్తుంది. రెండూ ఒకదానితో ఒకటి పూర్తిగా రద్దవుతాయన్న హామీ లేదు. ఎక్స్‌ఐఆర్‌ఆర్ ఈ రెండు రోజుల తేడాకు పెద్దగా చలించదు. తేదీ రెండు రోజులు జరిగితే దాని జవాబు దశాంశాల్లోనే మారుతుంది. ఈ విషయంలో దానిదే పైచేయి అని చెప్పాలి.

రోజువారీ విలువలు లేని చోట్ల పీటర్ డీట్జ్ పద్ధతిని సవరించి చేసిన, మోడిఫైడ్ డీట్జ్ అనే దగ్గరి లెక్క వాడతారు. లాభనష్టాన్ని, ఒక్కో మొత్తం ఖాతాలో ఉన్న రోజుల నిష్పత్తితో వేసిన సగటు పెట్టుబడితో భాగించడమే ఆ లెక్క. మన ఖాతాకు సగటు పెట్టుబడి 8,90,137 రూపాయలు, దాంతో 1,10,000 నష్టాన్ని భాగిస్తే మైనస్ 12.36 శాతం. ఎక్స్‌ఐఆర్‌ఆర్ ఇచ్చిన మైనస్ 12.21కి ఇది ఎంత దగ్గరగా ఉందో, నిజమైన టైమ్ వెయిటెడ్ అంకెకు అంత దూరంగా ఉంది. ఏడాది మొత్తానికి ఒకేసారి డీట్జ్ లెక్క వేసి, దాని మీద టైమ్ వెయిటెడ్ అని పేరు రాసే డ్యాష్‌బోర్డు నిజానికి రెండు గడుల్లోనూ మనీ వెయిటెడ్ అంకెనే చూపిస్తోంది. నెలనెలా వేసి గుణిస్తే కొంతవరకు సరిపోతుంది.

## గీత ఎక్కడ గీశారు

ఏది జమ, ఏది ఉపసంహరణ అన్నది ఖాతా చుట్టూ గీసుకున్న గీతను బట్టి ఉంటుంది. గీత లోపల షేర్లు మాత్రమే ఉంటే, ఒక షేరు అమ్మి వచ్చిన డబ్బు లెడ్జర్‌లోనే పడి ఉన్నా అది ఉపసంహరణే అవుతుంది. లెడ్జర్ నగదు కూడా గీత లోపలే ఉంటే అది ఇంట్లో ఒక గదిలోంచి మరో గదిలోకి వెళ్లినట్టే, అంతే. డివిడెండు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది కనుక దాన్ని ఉపసంహరణగా రాయాలి. రాయకపోతే రెండు రాబడులూ ఆ మేరకు తగ్గి కనిపిస్తాయి. ఒక ఫండులోంచి మరో ఫండులోకి మారిస్తే విడివిడి ఫండ్ల వరుసల్లో అది కదలిక, మొత్తం వరుసలో కాదు. బోనస్ షేర్లు, షేర్ల విభజన అసలు డబ్బు కదలికలే కావు.

మరో డీమ్యాట్ నుంచి బదిలీ అయిన షేర్లదే అన్నిటికన్నా చిక్కు. వాటిని బదిలీ రోజు మార్కెట్ విలువతో జమగా చూడాలి. చాలాచోట్ల ఎప్పుడో కొన్న ధరతో జమ రాస్తారు. పదేళ్ల కిందట లక్షకు కొన్న షేర్లు ఇప్పుడు నాలుగు లక్షలైతే, మిగిలిన మూడు లక్షలూ బదిలీ రోజునే వచ్చిన లాభంగా లెక్కలోకి వచ్చేస్తాయి.

'గత ఏడాది' వంటి వడపోత నొక్కినప్పుడు ఎక్స్‌ఐఆర్‌ఆర్‌కు మొదటి రోజు ఉన్న విలువను తొలి పెట్టుబడిగా ఇవ్వాలి. ఆ వరుసను మరచిపోయిన డ్యాష్‌బోర్డు మన ఖాతాకు 10,00,000 జమను మాత్రమే చూసి, 13,90,000 తిరిగి వచ్చిందని పొంగిపోతుంది. నష్టపోయిన ఖాతా లాభాల పంటగా కనిపిస్తుంది. దీన్ని పట్టుకోవడం తేలిక. ఖాతా నిల్వ ఎప్పుడూ సున్నా కిందికి పోనంత కాలం ఎక్స్‌ఐఆర్‌ఆర్ గుర్తు, రూపాయల లాభనష్టం గుర్తు ఒకటే ఉండాలి. రూపాయల్లో నష్టం ఉండి ఎక్స్‌ఐఆర్‌ఆర్ ప్లస్‌లో ఉంటే ఎక్కడో ఒక వరుస తప్పిపోయిందన్నమాటే. టైమ్ వెయిటెడ్ అంకెకు ఈ నియమం వర్తించదు. మన ఖాతాయే అందుకు సాక్ష్యం.

స్ప్రెడ్‌షీట్‌లో మరో గుర్తు ఉంది. లెక్క తేలనప్పుడు ఎక్సెల్ కొన్నిసార్లు `#NUM!` అని చెప్పకుండా `2.98E-09` వంటి అంకె ఇస్తుంది. శాతంగా చూపితే అది 0.00 అవుతుంది. భారీ నష్టంలో ఉన్న ఖాతాకు ఎక్స్‌ఐఆర్‌ఆర్ సరిగ్గా సున్నా అని కనిపిస్తే అది రాబడి కాదు, తేలని లెక్క. ఫార్ములాలో మూడవ స్థానంలో -0.1 వంటి ఊహను ఇస్తే సాధారణంగా జవాబు దొరుకుతుంది.

## సూచీతో పోలిక

ఎక్కువ మంది చేసే పని, తమ ఎక్స్‌ఐఆర్‌ఆర్‌ను నిఫ్టీ ఏడాది రాబడి పక్కన పెట్టి చూసుకోవడం. 2024 ఏప్రిల్ 1న నిఫ్టీ ముగింపు 22,462, ఏడాది తర్వాత అదే తేదీన 23,166. పెరుగుదల 3.1 శాతం. మైనస్ 12.2ను దీనితో పోలిస్తే 15 శాతం వెనకబడినట్టు కనిపిస్తుంది. ఈ పోలిక చెల్లదు. సూచీ అంకె టైమ్ వెయిటెడ్ రకం, దానిలోకి ఎవరూ అక్టోబరులో 10 లక్షలు వేయలేదు. 2.6ను 3.1తో పోల్చడం చెల్లుతుంది. అప్పుడు వెనకబాటు అర శాతమే.

మనీ వెయిటెడ్ వైపు పోల్చాలంటే అవే రూపాయలను అవే తేదీల్లో సూచీలో పెట్టినట్టు ఒక నీడ ఖాతా తయారుచేయాలి. డివిడెండ్లను పక్కన పెట్టి లెక్కిస్తే, ఏప్రిల్‌లో 5,00,000కు 22,462 చొప్పున సుమారు 22.26 యూనిట్లు వస్తాయి. అక్టోబరు 1 ముగింపు 25,797 కనుక 10,00,000కు 38.76 యూనిట్లు. జనవరి 1 ముగింపు 23,743 దగ్గర 4,40,000 కోసం 18.53 యూనిట్లు అమ్మాలి. మిగిలిన 42.49 యూనిట్లు చివరి రోజున సుమారు 9,84,000 రూపాయలు. ఈ నీడ ఖాతా ఎక్స్‌ఐఆర్‌ఆర్ మైనస్ 8.4 శాతం.

అంటే డబ్బు వచ్చిపోయిన తేదీల వల్లే, అచ్చం సూచీనే కొన్నా ప్లస్ 3.1 కాస్తా మైనస్ 8.4 అయ్యేది. అక్కడి నుంచి మైనస్ 12.2 దాకా ఉన్న దూరం, రూపాయల్లో సుమారు 34,000, షేర్ల ఎంపిక వల్ల వచ్చింది. టైమ్ వెయిటెడ్ పోలికలో అర శాతంగా కనిపించిన వెనకబాటు ఇక్కడ ఇంత పెరగడానికి కారణం ముక్కల్లోనే ఉంది. మొదటి ఆరు నెలల్లో సూచీ 14.8 శాతం పెరిగితే ఖాతా 20 శాతం పెరిగింది, కానీ అప్పుడు ఉన్నది 5 లక్షలే. తర్వాతి మూడు నెలల్లో సూచీ 8 శాతం పడితే ఖాతా 10 శాతం పడింది, చివరి మూడు నెలల్లో సూచీ 2.4 శాతం పడితే ఖాతా 5 శాతం పడింది. ఆ పతనాలు మొదలైనప్పుడు ఖాతాలో ఉన్నవి 16 లక్షలు, 10 లక్షలు.